ఫొటోలోని కర్టెన్, కిటికీకి వేలాడే కర్టెన్

సోఫా, మంచం, బీరువా, గోడ రంగు, వీటన్నిటి మీదా వెలుగు ముందు నుంచి పడుతుంది. పగటిపూట వెనక నుంచి వెలుగు పడే వస్తువు ఇంట్లో కర్టెన్ ఒక్కటే. గదిలో కూర్చున్న మనకీ, బయట ఉన్న ఎండకీ మధ్య అది అడ్డుగా వేలాడుతుంది. అందుకని పగలు మనకి కనిపించేది బట్ట మీద పడి తిరిగొచ్చే రంగు కాదు, బట్టలోంచి దూరి వచ్చే రంగు. చీకటి పడి లైటు వేయగానే సంగతి తిరగబడుతుంది. వెలుగు ముందు నుంచి పడుతుంది, కాబట్టి అదే బట్ట మరో రంగు చూపిస్తుంది.

అమ్మేవాళ్ళు పెట్టే ఫొటోలు చూడండి. దుకాణంలో కౌంటర్ మీద పరిచి, పైన ట్యూబ్‌లైట్ వెలుగులో తీసినవి కొన్ని. స్టూడియోలో పెద్ద లైట్లు ముందు నుంచి వేసి తీసినవి మరికొన్ని. రెండింట్లోనూ వెలుగు ముందు నుంచే పడుతోంది. అంటే మన ఇంట్లో పగలంతా ఆ కర్టెన్ ఎలా ఉంటుందో ఆ ఫొటోల్లో లేనే లేదు. బట్ట నాణ్యత బాగున్నా, కొలతలు సరిపోయినా, తీరా కట్టాక "ఇది కాదే మనం చూసింది" అనిపించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

కర్టెన్ బట్టను ఫొటోలో చూసి ఎంచుకునేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. రాజమండ్రిలో ఉండే మా పిన్ని హాలుకి కర్టెన్లు కావాలంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు షాపులన్నీ తిరిగి వాట్సాప్‌లో ఫొటోలు పంపింది. "ఏమేవ్, నువ్వు చెప్పిన ఆకుపచ్చ ఇందులో ఏది? నా ఫోన్లో అన్నీ బూడిదరంగులోనే ఉన్నాయి" అని పిన్ని. "అమ్మా, మూడోది. నా ఫోన్లో పచ్చగానే ఉంది" అని కూతురు. తల్లి చెప్పిందీ నిజమే, కూతురు చెప్పిందీ నిజమే. తేడా ఎక్కడ వచ్చిందో వెతికితే బట్ట గురించీ, కెమెరా గురించీ, దీపం గురించీ తెలుసుకోవాల్సినవి బయటపడ్డాయి.

చివరికి మిగిలినవి మూడు బట్టలు. ఒకటి పెడన కలంకారీ నూలు బట్ట. మీగడ రంగు నేల మీద ఎర్రటి పూలు, నీలం ఆకులు, నల్లటి గీతలు. రెండోది లేత గోధుమ రంగు పాలిస్టర్ జకార్డ్, దాని మీద పెద్దపెద్ద ఆకులు. మూడోది లినెన్‌లా కనిపించే పాలిస్టర్, బూడిద కలిసిన ఆకుపచ్చ, ఏ డిజైనూ లేని ప్లెయిన్. కట్టాల్సింది పడమటి కిటికీకి. రాడ్డు పొడవు 6 అడుగులు, రాడ్డు నుంచి నేలదాకా 7 అడుగులు. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ నేరుగా లోపలికి కొడుతుంది.

ముందు బట్ట వేలాడే తీరు చూద్దాం. దుకాణాల్లో దీన్ని "ఫాల్" అంటారు. ఫాల్ బాగున్న బట్ట పైన పడిన కుచ్చును కిందిదాకా చెదరకుండా తీసుకువస్తుంది. బిరుసు బట్ట అయితే పైన పది కుచ్చులు పెట్టినా సగానికి వచ్చేసరికి అవి విచ్చుకుని, కింద అంచు గంటలా బయటికి పొడుచుకొస్తుంది. మరీ పల్చటి తేలిక బట్ట నిలకడగా ఉండదు, ఫ్యాను గాలికే ఎగిరిపోతుంది. ఇది బరువును బట్టి మాత్రమే ఉండదు. నూలు ఎంత పేనారు, నేత ఎంత ఒత్తుగా ఉంది, వెనక పూత ఉందా, గంజి పెట్టారా అన్నవన్నీ ఇందులో కలుస్తాయి. కొత్త నూలు బట్టలో గంజి ఉంటే ఫొటోలో కుచ్చులు గీసినట్టు నిటారుగా కనిపిస్తాయి. ఒక్కసారి ఉతికితే ఆ అందం పోతుంది.

కేటలాగ్ ఫొటోలో ఫాల్ తెలుసుకోవాలంటే కింది అంచు చూడాలి. చాలా ఫొటోల్లో ఆ అంచు కనిపించకుండా కత్తిరిస్తారు, అది కూడా గమనించదగ్గ విషయమే. ఇంకో సంగతి ఏమిటంటే, ఇప్పుడు వచ్చే ఫొటోల్లో చాలావాటిలో కర్టెన్ అసలు లేదు. ఒక గది బొమ్మ, అందులో ఒక కర్టెన్ ఆకారం ముందే తయారుగా ఉంటుంది, దాని మీద బట్ట డిజైన్‌ను కంప్యూటర్లో అతికిస్తారు. కనిపెట్టడం కష్టం కాదు. అదే బట్టకి వేరే రంగుల ఫొటోలు కూడా పక్కపక్కన పెట్టుకోండి. ఎర్రదాంట్లో ఎడమవైపు మూడో కుచ్చు దగ్గర ఒక చిన్న నలుగు ఉందనుకోండి, నీలందాంట్లోనూ, పసుపుదాంట్లోనూ అదే చోట అదే నలుగు ఉంటే రంగు మాత్రమే మార్చారని అర్థం. రెండో గుర్తు డిజైన్‌లో దొరుకుతుంది. నిజం బట్టలో ఆకు కుచ్చులోకి వంగుతుంది, కొంత భాగం మడతలో దాక్కుంటుంది, మడత పక్కన నీడ పడుతుంది. అతికించిన బొమ్మలో ఆకు మడతలు లేనట్టుగా ఇటునుంచి అటు సాఫీగా సాగిపోతుంది. ఇలాంటి ఫొటో చూసి ఫాల్ గురించి ఏమీ చెప్పలేం.

కాబట్టి ఫొటో మనమే తీయించుకోవాలి. దుకాణంలో తానులోంచి రెండు మీటర్ల బట్ట లాగి, పై అంచును చేత్తో కుచ్చులుగా పట్టుకుని, మిగతాది కిందికి వదిలేయమనాలి. కింది అంచుతో సహా ఫొటో తీయాలి. మూడు బట్టలకీ అదే పొడవు, అదే దూరం. అరమీటరు ముక్కని వేలాడదీస్తే లాభం లేదు, కిందికి లాగే బరువు అందులో ఉండదు.

అయితే అరమీటరు ముక్కతో ఇంట్లో చేసుకోగలిగే మరో పరీక్ష ఉంది. బట్టల ప్రయోగశాలల్లో క్యూసిక్ డ్రేప్ మీటర్ అనే పరికరం వాడతారు. 18 సెంటీమీటర్ల గుండ్రటి పళ్ళెం మీద 30 సెంటీమీటర్ల గుండ్రటి బట్ట ముక్కని వేస్తారు. పళ్ళెం దాటిన బట్ట చుట్టూ కిందికి వాలుతుంది. పై నుంచి చూస్తే ఆ వాలిన బట్ట నీడ ఎంత మేర పడిందో కొలుస్తారు. బిరుసు బట్ట అంతగా వాలదు కాబట్టి నీడ పెద్దది, మెత్తటిదానికి చిన్నది. పిన్ని వంటింట్లో దాదాపు అంతే వెడల్పున్న స్టీలు డబ్బా దొరికింది. మూడు ముక్కల్నీ ఒకే కొలతకి గుండ్రంగా కత్తిరించి, ఒక్కొక్కటే డబ్బా మూత మీద వేసి, స్టూలెక్కి నిట్టనిలువుగా పై నుంచి ఫొటోలు తీశారు. కలంకారీ ముక్క గొడుగులా విచ్చుకుని, చుట్టూ నాలుగు వెడల్పాటి వంపులు చూపించింది. జకార్డ్‌కి ఆరు వంపులు వచ్చాయి. లినెన్ రకం అన్నిటికంటే మెత్తగా డబ్బాకి అతుక్కుని, ఎనిమిది సన్నటి వంపులు తిరిగింది. కలంకారీ ముక్కని ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయకుండా మళ్ళీ వేస్తే దానికీ ఆరు వంపులు వచ్చాయి. గంజి సంగతి అక్కడ తేలిపోయింది.

ఇక బట్టలోంచి వెలుగు ఎంత వస్తుందన్నది. దీనికి ముందు నుంచి తీసిన ఫొటో అసలు పనికిరాదు. ముదురు రంగు కాబట్టి ఎండ ఆపుతుందనీ, లేతరంగు కాబట్టి ఆపదనీ అనుకోవడం పొరపాటు. వెనక పూత పూసినా, మధ్యలో నల్ల నూలు పెట్టి నేసినా తెల్లటి కర్టెన్ కూడా ఎండని దాదాపు పూర్తిగా ఆపుతుంది. వదులుగా నేసిన ముదురు మెరూన్ బట్ట పడమటెండకి లోపల గదంతా ఎర్రగా చేస్తుంది.

వెలుగుకి అడ్డంగా పెట్టి తీసిన ఫొటో సంపాదిస్తే అందులో చూడాల్సింది మడత. ఒక పొర ఉన్నచోటికీ, మడత పడి రెండుమూడు పొరలు ఒకదానిమీద ఒకటి ఉన్నచోటికీ వెలుగులో తేడా ఉందా? ఒక పొర పదింట మూడొంతుల వెలుగు పంపిస్తే, రెండు పొరలు అందులో మళ్ళీ సుమారు మూడొంతులే పంపిస్తాయి, అంటే నూటికి దాదాపు తొమ్మిది. అందుకే వెలుగు దూరే బట్టలో కుచ్చులు నిలువు చారల్లా, ఒకటి లేతగా ఒకటి ముదురుగా కనిపిస్తాయి. వెలుగుని ఆపే బట్టలో ఆ చారలుండవు, అంతా ఒకే ముదురు. కెమెరా ఫొటో మొత్తాన్ని వెలుతురుగా చేసినా, చీకటిగా చేసినా ఈ చారల్ని దాచలేదు. ఫొటోలో వెలుగు కొలత నమ్మలేనప్పుడు పొరల తేడా చూడటమే నమ్మకమైన పద్ధతి. దీనికి తోడు కిటికీ ఊచలు బట్టలోంచి కనిపిస్తున్నాయా చూడండి. ఊచల అంచులు స్పష్టంగా ఉంటే అది జాలీ బట్ట కిందే లెక్క. అంచులు చెదిరి నీడలా ఉంటే వెలుగొస్తుంది కానీ అవతలి మనిషి ముఖం గుర్తుపట్టలేం.

కెమెరా ఎందుకు నమ్మదగింది కాదంటే, ఎదురుగా కిటికీ వెలుగు ఉంటే ఫోన్ దాన్ని చూసి తగ్గించుకుంటుంది, మసక గదైతే పెంచుకుంటుంది. మూడు బట్టలకి మూడు ఫొటోలు విడివిడిగా తీస్తే ప్రతిదాంట్లో దాని లెక్క వేరు. అప్పుడు పల్చటి బట్టా దట్టమైన బట్టా ఒకేలా కనిపించొచ్చు. దీనికి మందు సులువు. మూడు ముక్కల్నీ ఒకే రాడ్డుకి క్లిప్పులతో పక్కపక్కన తగిలించి ఒకే ఫొటో తీయాలి. ఒక ఫొటోలో ఉన్నవాటిని ఒకదానితో ఒకటి పోల్చవచ్చు, రెండు ఫొటోల్లో ఉన్నవాటిని పోల్చకూడదు. రంగుకీ ఇదే నియమం. దుకాణంలో మూడూ ఒకేచోట పెట్టలేకపోతే, ఐఫోన్‌లో తెర మీద ఒకచోట వేలు నొక్కిపట్టుకుంటే AE/AF LOCK అని వస్తుంది. అప్పటినుంచి వెలుగు లెక్క మారదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోని Pro మోడ్‌లో ఇంకా బాగా, వెలుగూ రంగూ రెండూ బిగించవచ్చు.

పిన్ని ఇంటి కిటికీకి మధ్యాహ్నం నాలుగింటికి మూడు ముక్కల్నీ తగిలించి తీసిన ఫొటోలో అసలు రూపాలు బయటపడ్డాయి. కలంకారీలో మీగడ రంగు నేల దీపం పెట్టినట్టు వెలిగింది, దాని మీద పూలూ ఆకులూ అన్నీ ముదిరిపోయాయి. నీలానికీ నలుపుకీ తేడా తెలియలేదు, ఎరుపు మాత్రం మాణిక్యంలా నిలిచింది. జకార్డ్‌లో మరో వింత. ముందు నుంచి చూస్తే ఆకులూ నేలా ఇంచుమించు ఒకే రంగు, డిజైన్ ఉందా లేదా అన్నట్టుంటుంది. వెనక ఎండ పడేసరికి ఆకులు గట్టిగా కనిపించాయి. జకార్డ్‌లో డిజైన్ రంగుతో కాదు, నేతతో పడుతుంది. ఆకు ఉన్నచోట నూలు ఒకలా, నేల మీద మరోలా అల్లుకోవడంతో దళసరి మారుతుంది, ఆ తేడా ఎండకి దొరికిపోతుంది. లినెన్ రకంలో దారం అక్కడక్కడ లావుగా ఉంటుంది కదా, ఆ లావులన్నీ అడ్డగీతలుగా కనిపించాయి. ఆకుపచ్చలో పచ్చదనం పెరిగింది, బూడిదరంగు తగ్గింది. అంటే కూతురు చూసిన పచ్చ అబద్ధం కాదు, దుకాణంలో ఆమె ఆ బట్టని తలుపు వైపు పట్టుకుని తీసిందట.

ఇదంతా పగటి సంగతి. రాత్రి లైటు వేస్తే వీధిలోంచి లోపలికి ఎంత కనిపిస్తుందన్నది విడిగా చూసుకోవాలి. వెలుగు ఎటువైపు ఎక్కువుంటే అటు ఉన్నవాళ్ళు కనపడతారు. పగలు పల్చటి కర్టెన్ వెనక మనం దాక్కోగలం, రాత్రి అదే కర్టెన్ మనల్ని బయటపెడుతుంది. హాల్లో లైటు వేసి, కర్టెన్‌కి నాలుగడుగుల లోపల ఒక మనిషిని నిలబెట్టి, వీధిలోంచి ఫొటో తీస్తే చాలు. ఫోన్ నైట్ మోడ్ మాత్రం ఆపేయాలి, అది చీకటిని ఎక్కువగా తరిమేస్తుంది. పిన్ని ఇంట్లో ఈ పరీక్షకి కలంకారీ నిలవలేదు.

డిజైన్ ఎంత పెద్దదో ఫొటోలో తెలియదు. బొటనవేలంత పువ్వు, అరచేయంత పువ్వు, రెండూ ఫోన్ తెర మీద ఒకేలా ఉంటాయి. పది రూపాయల నాణెం ఒకటి బట్ట మీద పెట్టి, నేరుగా పై నుంచి తీయమనండి. నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు. జకార్డ్ ఫొటోలో ఆకు వెడల్పు నాణేనికి పన్నెండు రెట్లు వచ్చింది, అంటే 32 సెంటీమీటర్లు, అడుగు పైమాటే. తెర మీద చూస్తే పిన్నికి అది తమలపాకంత అనిపించింది.

పెద్ద డిజైన్‌కి రెండు చిక్కులున్నాయి. మొదటిది కుచ్చు. 6 అడుగుల రాడ్డుకి 6 అడుగుల బట్టే వేస్తే కర్టెన్ దుప్పటి ఆరేసినట్టుంటుంది, అందుకని రెండు నుంచి రెండున్నర రెట్లు వేస్తారు. పన్నా 48 అంగుళాల బట్టని నాలుగు పాళ్ళు తీసుకుని పక్క అంచులు మడిచి కుట్టాక, పాయ ఒక్కింటికి 44 అంగుళాల చొప్పున 176 అంగుళాలు మిగులుతుంది. రాడ్డు 72 అంగుళాలు. అంటే 2.4 రెట్లు. 32 సెంటీమీటర్ల ఆకు కుచ్చుల్లో పడ్డాక ఎదురుగా ఆక్రమించేది 13 సెంటీమీటర్లే, అది కూడా ముక్కలుముక్కలుగా. ఫొటోలో ఆకు నిండుగా కనిపించాలని కేటలాగ్ వాళ్ళు కుచ్చు తగ్గిస్తారు, లేదంటే సాపుగా పరిచి తీస్తారు. ఆ ఆకు కోసమే ఆ బట్ట నచ్చితే, మనింట్లో అది కనిపించదు.

రెండోది ఖర్చు. డిజైన్ ఎంత దూరానికి మళ్ళీ మొదలవుతుందో అది అడగాలి. ఈ జకార్డ్‌లో 27 అంగుళాలు. రాడ్డు నుంచి నేలకి 84 అంగుళాలు, పైనా కిందా మడతలకి 12 కలిపితే పాయకి 96 అంగుళాలు కావాలి. కానీ పక్కపక్క పాయల్లో ఆకులు ఒకే ఎత్తులో ఉండాలంటే ప్రతి పాయా డిజైన్‌లో ఒకేచోట మొదలవ్వాలి. 96లో 27 నాలుగోసారి పూర్తిగా పట్టదు, కాబట్టి నాలుగు నిండు డిజైన్లు, 108 అంగుళాలు కత్తిరించాలి. నాలుగు పాయలకి మామూలుగా 9.75 మీటర్లు సరిపోయేది, ఇప్పుడు దాదాపు 11 మీటర్లు. మీటరుంపావు బట్ట కత్తిరింపుల్లో పోతుంది. దుకాణంవాడు మీటరు ధర చెప్తాడు, ఈ లెక్క మాత్రం చాలాసార్లు టైలరు దగ్గరే బయటపడుతుంది.

కలంకారీకి ఈ బాధ తక్కువ. పెడనలో అచ్చు వేసేది చేత్తో పట్టుకునే టేకు దిమ్మలతో. చేతికి ఇమిడే దిమ్మ ఎంత ఉంటుందో డిజైన్ కూడా అంతే, కొన్ని అంగుళాలకే మళ్ళీ మొదలవుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో దిమ్మ కాబట్టి ఎరుపు గీతకీ నల్ల గీతకీ మధ్య వెంట్రుకవాసి జరుగుడు కనిపిస్తుంది. దగ్గరగా తీసిన ఫొటోలో అది లేకుండా ప్రతి పువ్వూ అచ్చంగా ముందు పువ్వులాగే ఉంటే, అది మిషన్ మీద కలంకారీ డిజైన్ అచ్చేసిన బట్ట అయ్యుండే అవకాశం ఎక్కువ.

చిన్న డిజైన్‌కి దాని చిక్కు దానికుంది. దూరం నుంచి చూస్తే సన్నటి పూలూ చుక్కలూ కలిసిపోయి ఒకే రంగై కూర్చుంటాయి. ఎర్రచుక్కలూ నీలం చుక్కలూ ఉన్న తెల్లబట్ట పన్నెండు అడుగుల దూరానికి మాసిన ఊదారంగులా తేలుతుంది. దీన్ని ఫోన్లోనే చూసుకోవచ్చు. మనం కూర్చునే చోటు నుంచి కిటికీ 12 అడుగులనుకోండి. ఫోన్‌ని కంటికి 12 అంగుళాల దూరంలో పట్టుకుని, బట్టలో ఒక అడుగు తెర మీద ఒక అంగుళం అయ్యేదాకా ఫొటోని చిన్నది చేయాలి. అప్పుడు కంటికి కనిపించే పరిమాణం, హాల్లో కూర్చుంటే కనిపించే పరిమాణం ఒకటే. కలంకారీలోని రెండంగుళాల పూలు ఆ కొలతలో పువ్వుల్లాగే నిలిచాయి, నల్ల గీతలు మాత్రం మాయమయ్యాయి.

ఇక మిగిలింది రంగు. చాలా ఇళ్ళల్లో పేచీ వచ్చేది ఇక్కడే. బల్బు పెట్టె మీద K అని రాసి ఒక అంకె ఉంటుంది. మన ఇళ్ళల్లో ట్యూబ్‌లైట్లు, తెల్ల ఎల్ఈడీలు ఎక్కువగా 6500K. నీలం కలిసిన తెలుపు. పసుప్పచ్చటి వామ్ బల్బులు 2700K నుంచి 3000K. పాత ఫిలమెంట్ బల్బులూ ఇంచుమించు అక్కడే ఉండేవి. పసుపు వెలుగులో నీలం పాలు తక్కువ. వెలుగులో లేని రంగుని బట్ట తిరిగి పంపలేదు. అందుకని వామ్ బల్బు కింద ముదురు నీలం నల్లగా, ఊదా గోధుమ వైపు, తెలుపు మీగడ వైపు, బూడిద కలిసిన ఆకుపచ్చ మట్టిరంగు వైపు జరుగుతాయి. ఎరుపు, నారింజ, పసుపు సంతోషిస్తాయి. అయితే చవక ఎల్ఈడీల వెలుగులో ముదురు ఎరుపు పాలు తక్కువ ఉంటుంది. వాటి కింద మెరూన్ రక్తం పోయినట్టు గోధుమరంగులోకి దిగుతుంది. బల్బు పెట్టె మీద CRI అంకె 90 దాటితే ఈ బాధ తగ్గుతుంది.

మెరిసే తెల్లబట్టల సంగతి ఇంకోలా ఉంటుంది. వాటిలో వేసే తెలుపుమందు ఎండలోని అతినీలలోహిత కిరణాలను తీసుకుని నీలం వెలుగుగా బయటికి వదులుతుంది. అందుకే ఎండలో మల్లెపువ్వులా ఉంటుంది. ఎల్ఈడీ బల్బులో ఆ కిరణాలు దాదాపు ఉండవు కాబట్టి రాత్రికి ఆ తెలుపు చప్పబడుతుంది. తెల్ల గోడ పక్కన మాసినట్టనిపిస్తే బట్టది తప్పు కాదు.

ఇన్ని మార్పులు జరుగుతున్నా ఫొటోలో కనపడవు, ఎందుకంటే ఫోన్ వాటిని దిద్దేస్తుంది. పసుపు వెలుగు కనపడగానే తెలుపు తెల్లగా రావాలని లెక్క సరిచేసి ఫొటో ఇస్తుంది. రాత్రి దీపం కింద తీసినా పగలు తీసినట్టే ఉంటుంది. ఒక్కోసారి సగమే దిద్దుతుంది. అదే గదిలో రెండు ఫొటోలు వెంటవెంటనే తీస్తే కూడా లెక్క మారొచ్చు, ఫ్రేములో ఒక ఎర్రటి దిండు అదనంగా వచ్చినా చాలు. కాబట్టి ప్రతి ఫొటోలోనూ బట్టల పక్కన ఒక మామూలు తెల్ల కాగితం పెట్టాలి. కాగితం పసుపుగా ఉంటే ఫోన్ దిద్దలేదు, తెల్లగా ఉంటే దిద్దింది. రెండు ఫొటోల్లో కాగితం ఒకేలా ఉంటేనే వాటిలో రంగుల గురించి మాట్లాడుకోవాలి. Pro మోడ్ ఉంటే WB అన్నచోట 5500K పెట్టి బిగించేస్తే, ఎండలోనూ దీపంలోనూ వచ్చే తేడా ఫొటోలోకి దిగుతుంది. కొంచెం ఎక్కువగానే దిగుతుంది. మన కన్ను కూడా కొంత దిద్దుకుంటుంది కాబట్టి అసలు కనిపించేది ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. చూసేవాళ్ళ ఫోన్లో Night Shift, True Tone లాంటివి ఆపేయాలి. పిన్ని ఫోన్లో కళ్ళకి చల్లగా ఉంటుందని ఎవరో పెట్టిన పసుపు తెర రోజంతా అలాగే ఉంది. ఆకుపచ్చ బూడిద కావడంలో దాని వాటా కూడా ఉంది.

రంగులో అన్నిటికంటే మోసం చేసేది జోడీ. లేత గోధుమ సోఫాకి లేత గోధుమ కర్టెన్ దుకాణంలో ట్యూబ్‌లైట్ కింద అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. ఇంట్లో వామ్ బల్బు కింద ఒకటి గులాబీ వైపు, ఒకటి పచ్చ వైపు పోతాయి. సోఫా బట్టకి వేసిన రంగుమందులు వేరు, కర్టెన్‌కి వేసినవి వేరు. రెండు మిశ్రమాలూ ఒక వెలుగులో కంటికి ఒకటే అనిపించినా, వెలుగులోని ఒక్కో పాలుని అవి తిరిగి పంపే తీరు ఒకటి కాదు. వెలుగు మారగానే ఆ తేడా బయటపడుతుంది. దీన్ని మెటామెరిజం అంటారు. మిల్లుల్లో రంగు సరిచూసేవాళ్ళు ఒక పెట్టెలో పగటి వెలుగు, దుకాణపు ట్యూబ్ వెలుగు, ఫిలమెంట్ దీపం మార్చిమార్చి వేసి చూసేది ఇందుకే. బూడిద, లేత గోధుమ, ఆలివ్ లాంటి మధ్యస్థ రంగుల్లో ఇది ఎక్కువగా కొడుతుంది. కొట్టొచ్చినట్టుండే ఎరుపులోనో పసుపులోనో చిన్న తేడా వచ్చినా ఎవరూ పట్టించుకోరు. కెమెరా కన్ను మన కన్ను కాదు కాబట్టి, ముఖ్యంగా నీలం, ఊదాల్లో, కంటికి లేని తేడాని ఫొటో చూపించవచ్చు, ఉన్నదాన్ని దాచవచ్చు. జోడీ కుదిరిందా లేదా అన్న తీర్పు ఫొటోకి వదలకూడదు. ఫొటోలతో వడపోసి, ఆఖరున మిగిలిన బట్ట ముక్కని సోఫా మీద వేసి రాత్రి ఒకసారి కంటితో చూడాలి.

పిన్ని ఇంట్లో జకార్డ్ పడిపోయింది ఇక్కడే. నాలుగింటికి సోఫాతో కలిసిపోయిన బట్ట, రాత్రి ఎనిమిదింటికి దాని పక్కన కాస్త గులాబీగా తేలింది. హాల్లో బల్బులు మార్చమంటే బాబాయి ఒప్పుకోలేదు. లినెన్ రకం రాత్రి మట్టిరంగుకి దిగినా పిన్నికి అభ్యంతరం లేదు, కానీ పడమటెండలో దానికి వచ్చిన అడ్డగీతలు ఆవిడకి నచ్చలేదు. "ఉతికి పిండి ఆరేసినట్టుంది" అంది. నాకైతే ఆ గీతలే బాగున్నాయి, అది వేరే సంగతి.

కలంకారీ మిగిలింది. రాత్రి వీధికి కనిపిస్తుందన్న లోపం దానికుంది. వెనక లైనింగ్ కుట్టిస్తే అది పోతుంది కానీ, నాలుగింటి ఎండకి వెలిగే మీగడ నేల కూడా దాంతోనే పోతుంది. ఇంతా చేసి ఎంచుకున్నది ఆ వెలుగు కోసమే. అందుకని లైనింగ్‌ని కలంకారీకి కుట్టించకుండా, గోడవైపు రెండో రాడ్డు వేయించి దళసరి మీగడ రంగు బట్టని విడిగా కట్టించారు. పగలు అది పక్కకి జరిగి ఉంటుంది, దీపాలు పెట్టాక మూస్తారు.

కలంకారీ పన్నా 44 అంగుళాలు. అంచులు పోను పాయకి 40, నాలుగు పాయలకి 160, అంటే రాడ్డుకి 2.2 రెట్లు, అది చాలు. పొడవు 96 అంగుళాలకి ఇంకో నాలుగు కలిపి 100 చొప్పున, మొత్తం 10.2 మీటర్లు తీసుకున్నారు. ఆ నాలుగంగుళాలు ఉతుకులో కుంచించుకుపోయే నూలుకి. బట్టంతా ముందే ఒకసారి నీళ్ళలో నానేసి ఆరేశాకే టైలరుకి ఇచ్చారు. కింద అంచుని ఆరు నెలల దాకా పచ్చికుట్టుతోనే ఉంచమని చెప్పారు. రెండో ఉతుక్కి ఇంకాస్త లాగితే విప్పి వదలడానికి.